డిలీట్ నొక్కాక డిస్కులో మిగిలేది

ఐర్లండ్‌లోని కార్క్ యూనివర్సిటీ మెటర్నిటీ హాస్పిటల్‌కు చెందిన 78 మంది రోగుల వివరాలున్న కాగితాలు ఒక ప్రజా రీసైక్లింగ్ కేంద్రంలో దొరికాయి. వ్యక్తిగత సమాచార రక్షణ చూసే డేటా ప్రొటెక్షన్ కమిషన్ దీనిపై విచారణ జరిపి, 2020 ఆగస్టులో ఆరోగ్య సేవల సంస్థ హెచ్‌ఎస్‌ఈకి 65,000 యూరోల జరిమానా విధించింది. అవి కాగితాలు కాబట్టి కంటపడ్డాయి. చూసినవాళ్లు చదివారు, ఎక్కడివో గుర్తుపట్టారు, చెప్పాల్సినవాళ్లకు చెప్పారు.

అదే సమాచారం ఒక పాత లాప్‌టాప్ లోపల ఉండి, అదే కేంద్రంలో ఎలక్ట్రానిక్ సామాన్లు వేసే బోనులో పడి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. బయటి నుంచి చూస్తే అది ఒక లోహపు పెట్టె. దాని యజమాని కూడా లోపల ఏమీ లేదనే అనుకుంటాడు, ఎందుకంటే తన చేత్తో తానే అన్నీ డిలీట్ చేశాడు.

డబ్లిన్ శివారు లూకన్‌లో ఉండే ఒక మిత్రుడి ఇంట్లో జరిగినది చెబుతాను. ఎనిమిదేళ్లు ఇక్కడ ఉండి, కుటుంబంతో సహా హైదరాబాద్ తిరిగి వెళ్తున్నారు. సోఫా, సైకిళ్లు, బియ్యం డబ్బాతో పాటు ఒక పాత లాప్‌టాప్‌ను కూడా అమ్మకానికి పెట్టారు. అందులో 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. దాంతోపాటు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మరో లాప్‌టాప్, రెండు ఫోన్లు. “పాతదాంట్లో ఏమీ లేదన్నా, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను” అన్నాడు మిత్రుడు. అతని అనుమతితోనే ఆ డిస్కును ఒక లినక్స్ పెన్‌డ్రైవ్ సాయంతో పరిశీలించాం.

వాడిన సాధనం పేరు ఫోటోరెక్. ఎవరైనా ఉచితంగా దించుకోగలిగిన ప్రోగ్రామ్ అది. మొదలుపెట్టిన కొద్దిసేపటికే `recup_dir.1` అనే ఫోల్డర్‌లో ఫైళ్లు పోగుపడటం మొదలైంది. వాటి పాత పేర్లు లేవు. `f` అక్షరం, దాని పక్కన ఒక పొడవాటి అంకె. ఆ అంకె ఆ ఫైలు డిస్కులో ఎక్కడ మొదలైందో చెప్పే సంఖ్య. ఒకటి తెరిస్తే అతని పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్. ఇంకొకటి జీతం స్లిప్పు, దాని పైన పీపీఎస్ నంబరు, అంటే ఐర్లండ్‌లో పన్నులకూ ప్రభుత్వ సేవలకూ ప్రతి మనిషికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అద్దె ఒప్పందం, పిల్లవాడి జనన ధ్రువీకరణ పత్రం.

ఇక్కడ ఉండే మనవాళ్ల డిస్కుల్లో ఇవన్నీ ఉండటానికి కారణం ఉంది. వర్క్ పర్మిట్, ఏటేటా ఐఆర్‌పీ కార్డు పునరుద్ధరణ, స్టాంప్ 4, చివరికి పౌరసత్వం: ప్రతి మెట్టు దగ్గరా గుర్తింపు పత్రాలు, నివాసానికి రుజువులు స్కాన్ చేసి ఇవ్వాలి. ఒక మనిషి పేరుతో మరొకరు ఖాతా తెరవడానికి ఏమేం కావాలో అవన్నీ ఒకే ఫోల్డర్‌లో వరుసగా చేరి ఉంటాయి.

అతను నిజంగానే డిలీట్ చేశాడు. అయినా అవి ఎందుకున్నాయి?

విండోస్ డిస్కులో ప్రతి ఫైలుకూ ఒక పట్టికలో ఒక వరుస ఉంటుంది. ఫైలు పేరు, పరిమాణం, డిస్కులో ఏ గదుల్లో దాని సమాచారం ఉందో ఆ వరుసలో రాసి ఉంటుంది. గది సాధారణంగా 4 కేబీ. నాలుగు ఎంబీల ఫోటో ఒకటి ఇలాంటి వెయ్యి పైచిలుకు గదుల్లో ఉంటుంది. డిలీట్ నొక్కి, బిన్ ఖాళీ చేసినప్పుడు ఆ వరుస వాడుకలో లేదని గుర్తు పెడతారు, ఆ గదులు ఖాళీ అని ఇంకో జాబితాలో రాస్తారు. గదుల లోపలికి ఎవరూ వెళ్లరు. పల్లెలో అడంగల్ పుస్తకంలో రైతు పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయం కాదు కదా, అలాగే.

ఇలా చేయడంలో తప్పేమీ లేదు, అది వేగం కోసం. వెయ్యి గదులు తుడవడం కంటే ఒక వరుస మీద గుర్తు పెట్టడం ఎంతో తేలిక. ఆ గదుల్లోకి కొత్త ఫైలు వచ్చి చేరినప్పుడే పాతది పోతుంది. అది రేపే జరగవచ్చు, డిస్కు బతికున్నంతకాలం జరగకపోనూవచ్చు. మన మిత్రుడు ఆ లాప్‌టాప్‌ను మూడేళ్లుగా తెరవలేదు. అంటే మూడేళ్లుగా అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు.

ఫోటోరెక్ లాంటి సాధనం పట్టికను పట్టించుకోదు. నేరుగా గదులు చదువుకుంటూ పోతుంది. చాలా రకాల ఫైళ్లకు మొదట్లో ఒక ముద్ర ఉంటుంది. పీడీఎఫ్ అయితే `%PDF-` అనే అక్షరాలతో మొదలవుతుంది, జేపెగ్ ఫోటో అయితే `FF D8 FF` అనే మూడు బైట్లతో. ఆ ముద్ర కనిపించిన చోట ఫైలు మొదలైందని గుర్తించి, అక్కడి నుంచి ఎత్తుకుంటుంది. దీనికి నైపుణ్యం అక్కర్లేదు, ఒక సాయంత్రం తీరిక చాలు.

ఫార్మాట్ చేస్తే పోతుందా అని చాలామంది అడుగుతారు. ఏ ఫార్మాట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్విక్ ఫార్మాట్ ఖాళీ పట్టికను కొత్తగా పెడుతుంది, గదులను ముట్టుకోదు. క్విక్ ఫార్మాట్ గడిలో టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే, విండోస్ విస్టా నుంచి ఇటు వచ్చిన విండోస్‌లన్నీ ఆ విభాగం మొత్తం మీద సున్నాలు రాస్తాయి. పూర్తి ఫార్మాట్‌కు అంతసేపు పట్టేది అందుకే. మూడు సెకన్లలో ముగిసిందంటే ఏమీ చెరగలేదని అర్థం.

తిరిగే పళ్లేలున్న పాత తరహా హార్డ్ డిస్కుకు మందు సులువైనదే: మొదటి గది నుంచి చివరి గది దాకా అన్నిటి మీదా వేరేది రాయాలి. ఎన్నిసార్లు అన్నదాని మీద పాతికేళ్లుగా ఒక అపోహ తిరుగుతోంది. 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన పరిశోధనా పత్రం 35 రకాల రాతలను సూచించింది. అవి అప్పటికి వాడుకలో ఉన్న వేర్వేరు రికార్డింగ్ పద్ధతులన్నిటికీ సరిపోయేలా కూర్చిన జాబితా, ఒకే డిస్కు మీద 35 సార్లు రాయమని కాదు. ఇప్పటి డిస్కులో రాతలు అంత దట్టంగా ఉంటాయి కాబట్టి ఒకసారి పూర్తిగా రాస్తే కిందిది చదవడానికి మిగలదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకం కూడా ఇలాంటి డిస్కులకు ఒక్క రాత చాలనే చెబుతుంది. ముప్పై అయిదు సార్లు రాయాలనుకుని రాత్రంతా కూర్చోలేక మధ్యలో ఆపేసేవాళ్ల కంటే, ఒక్కసారి పూర్తిగా రాసి సరిచూసుకున్నవాళ్లే క్షేమం.

మిత్రుడి డిస్కుకు మేం చేసింది ఇదే. ముందుగా ఏ డిస్కు ఏదో తేల్చుకోవాలి. ఇక్కడ పొరబడితే ఉంచుకోవాల్సిన డిస్కే పోతుంది, తిరిగి రాదు. కాబట్టి బ్యాకప్ ఉన్న బయటి డిస్కులన్నీ ముందే ఊడదీసి పక్కన పెట్టాం.

```
lsblk -o NAME,SIZE,MODEL,ROTA
```

చివరి నిలువు వరుసలో 1 ఉంటే తిరిగే డిస్కు, 0 ఉంటే ఎస్‌ఎస్‌డీ. కొన్ని యూఎస్‌బీ కేబుళ్లు ఈ సంగతి తప్పుగా చెబుతాయి కాబట్టి మోడల్ పేరు కూడా చూడాలి. మాది `sdb` అని తేలింది. తర్వాత మొత్తం డిస్కు మీద సున్నాలు రాశాం.

```
sudo dd if=/dev/zero of=/dev/sdb bs=1M status=progress
```

500 జీబీ డిస్కు అంటే 500,107,862,016 బైట్లు. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తే గంటన్నరకు కాస్త తక్కువ పడుతుంది. డిస్కు నిండిపోయిందన్న సందేశంతో కమాండ్ ఆగిపోతుంది. ఇక్కడ అది వైఫల్యం కాదు, చివరి దాకా చేరిందనడానికి గుర్తు. చేరిన బైట్ల సంఖ్య డిస్కు మొత్తం పరిమాణంతో సరిపోయిందో లేదో చూసుకోవాలి.

పని అయిందని అనుకోవడం వేరు, అయిందని చూడటం వేరు. డిస్కును మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివించి, సున్నాలతో పోల్చాం.

```
sudo cmp /dev/zero /dev/sdb
```

ఎక్కడైనా సున్నా కానిది తగిలితే `differ` అనే మాటతో ఆ బైటు స్థానం చెప్పి ఆగిపోతుంది. ఏదీ తగలకుండా డిస్కు అయిపోతే `EOF on` అని వస్తుంది. మరో గంటన్నర తర్వాత వచ్చింది `EOF on`. ఆ తర్వాత ఫోటోరెక్ మళ్లీ నడిపితే ఒక్క ఫైలూ రాలేదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. డిస్కులో ఏదైనా గది పాడయ్యే సూచన కనిపిస్తే డిస్కే దాన్ని పక్కన పెట్టి, రిజర్వులో ఉన్న మరో గదిని దాని బదులు వాడుతుంది. పక్కన పెట్టిన గదిలోని పాత సమాచారం అక్కడే ఉండిపోతుంది, మన సున్నాలు అక్కడికి చేరవు. `smartctl -A` కమాండ్ ఇచ్చే పట్టికలో `Reallocated_Sector_Ct` అనే వరుస ఇలాంటివి ఎన్నో చెబుతుంది. అది సున్నా అయితే చింత లేదు. ఇంటి డిస్కులో నాలుగైదు ఉన్నా దాని నుంచి ఏదైనా రాబట్టడం సామాన్యుడి పని కాదు. రోగుల రికార్డులున్న క్లినిక్ డిస్కు అయితే మాత్రం అమ్మకండి, పగలగొట్టించండి.

రెండో లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం ఉండదు, ఫ్లాష్ చిప్పులు ఉంటాయి. పలక మీద అక్షరాన్ని తుడిచి సరిగ్గా అదే చోట ఇంకో అక్షరం రాయవచ్చు. ఫ్లాష్‌లో అది కుదరదు. రాయడం చిన్న పేజీల్లో జరుగుతుంది, చెరపడం మాత్రం వందలాది పేజీలున్న పెద్ద దిమ్మెలను ఒకేసారి చెరిపితేనే సాధ్యం. పైగా ప్రతి దిమ్మె ఇన్నిసార్లు చెరిగాక అరిగిపోతుంది.

అందుకే ఎస్‌ఎస్‌డీ లోపలి కంట్రోలర్ ఒక ఏర్పాటు చేసుకుంది. మీరు ఒక ఫైలు మీద సున్నాలు రాయమంటే, అది ఆ సున్నాలను వేరే ఖాళీ పేజీలో రాసి, ఇక నుంచి ఆ ఫైలు ఇక్కడుంది అని తన పట్టికలో మార్చుకుంటుంది. పాత పేజీలో పాస్‌పోర్టు అలాగే ఉంటుంది. కంప్యూటర్‌కు ఆ పేజీ కనిపించదు, చిప్పును విప్పి నేరుగా చదివేవాళ్లకు కనిపిస్తుంది.

మొత్తం డిస్కు నింపేస్తే? అదీ పూర్తిగా చాలదు. చిప్పుల్లో 256 జీబీ అన్నది కంప్యూటర్ లెక్కలో ఉంటే, పెట్టె మీద 256 జీబీ అన్నది దశాంశ లెక్కలో ఉంటుంది. ఈ రెండింటికీ తేడా దాదాపు 19 జీబీ. అంత జాగాను కంట్రోలర్ తన అవసరాలకు దాచుకుంటుంది. మీ సున్నాలకు అది అందదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాన్ డియేగో పరిశోధకులు ఇదే పరీక్షించారు. ఎస్‌ఎస్‌డీలో ఒక్కో ఫైలును విడిగా చెరపడానికి అప్పుడు వాడుకలో ఉన్న పద్ధతులేవీ పనిచేయలేదని వాళ్లు తేల్చారు. డిస్కుకే ఉండే స్వీయ చెరుపు ఆదేశాన్ని కూడా పరీక్షిస్తే, ఒక డ్రైవ్ పని పూర్తయిందని చెప్పింది కానీ సమాచారం మొత్తం అలాగే ఉంది.

ట్రిమ్ అనే ఇంకో ఏర్పాటు ఉంది. ఫైలు డిలీట్ చేసినప్పుడు విండోస్ ఆ సంగతి ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ తీరిక దొరికినప్పుడు ఆ పేజీలను చెరిపేస్తుంది. దీనివల్ల ఫోటోరెక్ లాంటి సాధనానికి ఎస్‌ఎస్‌డీలో తరచూ ఏమీ దొరకదు. కొందరు అది చూసి, చెరిగిపోయిందని తీర్మానిస్తారు. కానీ ఎప్పుడు చెరపాలన్నది కంట్రోలర్ ఇష్టం. మీ చేతిలో లేనిదాన్ని భరోసాగా పెట్టుకోకూడదు.

ఇక్కడే ఆలోచనను తిప్పాలి. ప్రతి గదికీ వెళ్లి తుడవలేనప్పుడు, గదుల్లో ఉన్నది ముందు నుంచే ఎవరికీ అర్థం కాకుండా ఉంటే? దాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు, అంటే ఒక రహస్య తాళంచెవి లేకుండా చదవలేనట్టు రాయడం. అప్పుడు డిస్కంతా తుడవక్కర్లేదు. ఆ తాళంచెవి ఒక్కటి నాశనం చేస్తే చాలు. 256 జీబీ చెత్త అక్షరాలుగా మిగిలిపోతుంది.

ఇది ఎంత తేడా తెస్తుందో ఐర్లండ్ 2008లో ఒకే ఏడాది రెండు ఉదంతాల్లో చూసింది. ఆ ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఒక లాప్‌టాప్ దోపిడీకి గురైంది. అందులో ఐర్లండ్ రక్తదాన సేవల సంస్థకు చెందిన 1,71,000 పైచిలుకు దాతల రికార్డులు ఉన్నాయి. అవి 256 బిట్ల తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. దాతలకు ఉత్తరాలు రాశారు, పత్రికల్లో వచ్చింది, కానీ దొంగ చేతికి చిక్కింది చదవడానికి వీల్లేని వరుసలే. ఆ ఏప్రిల్‌లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ లాప్‌టాప్‌లు నాలుగు అంతకుముందు ఏడాది దొంగతనానికి గురయ్యాయని బయటపడింది. వాటిలో ఎన్‌క్రిప్షన్ లేదు. మొదట 10,000 మంది ఖాతాదారులన్నారు, తర్వాత ఆ సంఖ్య 30,000 దాటింది. అవి దొంగతనాలే, పారవేత కాదు. అయితే డిస్కు మీ చేయి దాటిన క్షణం నుంచి అది అమ్మినదా, పోయినదా అన్న తేడా డిస్కుకు తెలియదు.

మిత్రుడి లాప్‌టాప్‌లో విండోస్ బిట్‌లాకర్ నడుస్తోందా లేదా అని చూశాం. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ విండో తెరిచి ఇది ఇవ్వాలి.

```
manage-bde -status C:
```

సమాధానంలో `Conversion Status` అన్న వరుస ముఖ్యం. `Fully Encrypted` అని ఉంటే మొత్తం డిస్కు లెక్కలోకి వచ్చినట్టు. `Used Space Only Encrypted` అని ఉంటే ఆగి ఆలోచించాలి. బిట్‌లాకర్ మొదలుపెట్టిన రోజు వాడుకలో ఉన్న గదులనే అది ఎన్‌క్రిప్ట్ చేసింది, అంతకుముందు డిలీట్ అయిన ఫైళ్ల గదులను వదిలేసింది. కొత్త లాప్‌టాప్‌లో మొదటి రోజు నుంచీ ఉంటే ఇబ్బంది లేదు, అప్పటికి అక్కడ ఏమీ లేదు. నాలుగేళ్లు వాడాక, అమ్మే ముందు రోజు ఎన్‌క్రిప్షన్ మొదలుపెడితే మాత్రం గతం దాని పరిధిలోకి రాదు. పూర్తి ఎన్‌క్రిప్షన్ ఎంచుకున్నా ఎస్‌ఎస్‌డీ దాచుకున్న జాగాలో పాత పేజీలు మిగలవచ్చు. ఎన్‌క్రిప్షన్ కొన్న రోజు చేయాల్సిన పని.

మనవాడిది కొన్ననాటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. అందుకని విండోస్ సెట్టింగ్స్‌లో `Reset this PC`, తర్వాత `Remove everything` ఎంచుకున్నాం. ఇక్కడ ఒక మెట్టు చాలామంది దాటేస్తారు. `Change settings` తెరిస్తే `Clean data?` అని ఒక మీట కనిపిస్తుంది. అది మామూలుగా `No` మీద ఉంటుంది. దాన్ని `Yes` చేయాలి. ఆ తర్వాత డిస్కు తయారీదారు ఇచ్చే చెరుపు ఆదేశాన్ని కూడా వాడవచ్చు. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయితే, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి ఇలా:

```
sudo nvme format /dev/nvme0n1 --ses=1
```

ఇది కంట్రోలర్‌కు నేరుగా చెప్పే మాట, కాబట్టి అది దాచుకున్న జాగాకు కూడా వర్తించాలి. గంటలు పట్టదు. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్ మెనూలో ఇదే పని చేసే మీట ఉంటుంది. ఎన్‌క్రిప్షన్, స్వీయ చెరుపు రెండూ జరిగితే, ఒక దాంట్లో లోపమున్నా రెండోది కాపాడుతుంది. చెరిగిందని అబద్ధం చెప్పిన ఆ డ్రైవ్ వల్ల నేర్చుకోవాల్సింది ఇదే.

ఇక ఫోన్లు. ఇప్పటి ఫోన్లన్నీ ఈ తాళంచెవి సూత్రం మీదే నడుస్తాయి. ఐఫోన్‌లో 2009 నాటి 3జీఎస్ నుంచి చిప్పులోనే ఎన్‌క్రిప్షన్ ఉంది. అన్నీ చెరిపేయి అని చెబితే అది నిమిషాల్లో ముగిసేది అందుకే, తాళంచెవిని పారేస్తుంది. ఆండ్రాయిడ్ ఇక్కడికి ఆలస్యంగా చేరింది. 2015లో కేంబ్రిడ్జి పరిశోధకులు వాడేసిన 21 ఆండ్రాయిడ్ ఫోన్లు కొని చూస్తే, ఫ్యాక్టరీ రీసెట్ చేశాక కూడా సందేశాలు, ఫోటోలు, గూగుల్ ఖాతాలోకి ప్రవేశించే గుర్తులు దొరికాయి. అవి 2.3 నుంచి 4.3 వరకు వెర్షన్లున్న ఫోన్లు. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్లన్నిటిలో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. సొరుగులో పడున్న పదేళ్ల నాటి ఫోన్‌ను ఈనాటి ఫోన్‌లా నమ్మకండి. దాన్ని సెట్టింగ్స్‌లో ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, తర్వాత రీసెట్ చేయాలి. ఫ్లాష్ చిప్పు కాబట్టి అప్పుడు కూడా కొంత మిగిలే వీలుంది. అంత పాతదానికి వచ్చే పది యూరోల కోసం అమ్మకపోవడమే మేలు.

ఫోన్‌లో అసలు చిక్కు చెరపడంలో కంటే వరుసలో ఉంటుంది. ముందు బ్యాంకు యాప్‌నూ, కోడ్‌లు ఇచ్చే యాప్‌నూ కొత్త ఫోన్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే పాత ఫోన్‌తో పాటు మీ ఖాతా తలుపు కూడా చెరిగిపోతుంది. హైదరాబాద్ వెళ్లాక ఐర్లండ్ నంబరు పోతే, ఆ నంబరుకు కోడ్ వచ్చే సేవలన్నీ ఆగిపోతాయి. ఆ తర్వాత మెమరీ కార్డు, సిమ్ తీసేయాలి. ఫ్యాక్టరీ రీసెట్ మెమరీ కార్డును ముట్టుకోదు. అప్పుడు ఐక్లౌడ్ నుంచి, లేదా గూగుల్ ఖాతా నుంచి బయటికి రావాలి. చివర్లో సెట్టింగ్స్ నుంచే రీసెట్. మీటలు నొక్కిపట్టి రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే, కొన్నవాళ్లను ఫోన్ మీ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. చెరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే: మళ్లీ ఆన్ చేస్తే స్వాగత తెర రావాలి, వైఫై కలిపాక కూడా పాత ఖాతా గురించి అడగకూడదు.

మిత్రుడి రెండో ఫోన్ తెర పగిలింది, వెలగదు. రీసెట్ చేయడానికి దారి లేదు. ఐఫోన్ అయితే ఐక్లౌడ్‌లో దూరం నుంచి చెరిపే ఆదేశం ఇవ్వవచ్చు, కానీ ఆ ఫోన్ నెట్‌కు చేరితేనే అది అమలవుతుంది. అతనిది ఈమధ్య వచ్చిన ఆండ్రాయిడ్ ఫోనే, పొడవాటి పిన్ ఉంది, కాబట్టి లోపలిది చదవలేరు. గూగుల్ ఖాతాలోకి వెళ్లి ఆ ఫోన్‌ను జాబితా నుంచి తీసేసి, రీసైక్లింగ్‌కు ఇచ్చాడు. సుత్తితో కొడదామన్నాడు మొదట. వద్దన్నాను. లిథియం బ్యాటరీకి దెబ్బ తగిలితే మంట అంటుకోవచ్చు.

ఐర్లండ్‌లో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు ఉచితంగా తీసుకునే ఏర్పాటు 2005 ఆగస్టు నుంచి ఉంది. కొత్తది కొన్నప్పుడు అదే రకం పాతదాన్ని దుకాణం ఉచితంగా వెనక్కి తీసుకోవాలి. కౌన్సిళ్ల రీసైక్లింగ్ కేంద్రాలు ఏదీ కొనకపోయినా తీసుకుంటాయి. వాటిని వీ ఐర్లండ్, ఈఆర్‌పీ అనే రెండు పథకాలు సేకరించి పంపుతాయి. లోహాలు, ప్లాస్టిక్ తిరిగి వాడుకలోకి రావడానికి పెట్టిన ఏర్పాటు అది. మీ డిస్కును చెరపడం ఆ బోను పని కాదు. చెరిపే బాధ్యత అక్కడికి చేరకముందే ముగించాలి.

తన సొంత ఫోటోలున్న డిస్కును అమ్మే మనిషికి యూరప్ సమాచార చట్టం జీడీపీఆర్ వర్తించదు, నష్టం అతనిదే. కానీ మనవాళ్లలో సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టు పని చేసేవాళ్లు, పన్ను లెక్కలు చూసేవాళ్లు, క్లినిక్‌లు నడిపేవాళ్లు చాలామంది. ఆ లాప్‌టాప్‌లో ఇతరుల సమాచారం ఉంటే చట్టం మిమ్మల్ని అడుగుతుంది. చెరపని డిస్కు బయటికి పోయిందని తెలిస్తే, ఎవరికీ ముప్పు లేదని చూపలేనప్పుడు 72 గంటల్లో కమిషన్‌కు తెలియజేయాలి. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ సంస్థ పాత సర్వర్లను పారేయడానికి ఈ పనిలో అనుభవం లేని సామాన్లు తరలించే కంపెనీని పెట్టుకుంది. చెరపని డిస్కులు వేలంలో అమ్ముడుపోయాయి. 2022 సెప్టెంబరులో 3.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. పని ఎవరికి అప్పగించినా, ఒక్కో డిస్కు క్రమసంఖ్యతో సహా నాశనం చేసినట్టు ధ్రువపత్రం అడగండి. “20 డిస్కులు నాశనం చేశాం” అని ఒక్క వాక్యం ఉన్న కాగితం దేన్నీ ధ్రువపరచదు, ఆ ఇరవైలో మీది ఉందో లేదో అది చెప్పదు.

మిత్రుడి 500 జీబీ లాప్‌టాప్ ఆ వారమే ఒక విద్యార్థి కొనుక్కుని వెళ్లాడు. ఎస్‌ఎస్‌డీ ఉన్నదాన్ని తమతోపాటే తీసుకెళ్లారు. మీ ఇంట్లో సొరుగు అడుగున పాత డిస్కు ఒకటి ఉంటే, అమ్మకానికి ప్రకటన పెట్టే ముందు దాని మీద ఫోటోరెక్ ఒకసారి నడిపి చూడండి. మీరు చూడకపోతే కొన్నవాళ్లు చూస్తారు.